డన్ అన్న టికెట్ మళ్ళీ మళ్ళీ ఎందుకు తెరుచుకుంటోంది?

ప్రశ్న: మా టీమ్‌లో ఒక్కో టికెట్ క్లోజ్ చేశాక మూడు నాలుగుసార్లు రీఓపెన్ అవుతోంది. డెవలపర్లు అయిపోయింది అంటారు, టెస్టర్లు కాలేదంటారు, చివరికి క్లయింట్ చూసి ఇది కాదు మేం అడిగింది అంటాడు. "కోడ్ పూర్తి, రివ్యూ పూర్తి, టెస్టింగ్ పూర్తి" అని డెఫినిషన్ ఆఫ్ డన్ రాసి అందరికీ పంపాం, ఏ మార్పూ లేదు. నేను కొత్తగా టీమ్ లీడ్ అయ్యాను. ఎక్కడ మొదలుపెట్టాలి?

సమాధానం:

ముందు మీరు రాసుకున్న ఆ మూడు ముక్కల సంగతి చూద్దామండి, ఎందుకంటే అసలు తగాదా అక్కడే ఉంది. కోడ్, రివ్యూ, టెస్టింగ్ అన్నవి మీ టీమ్ చేసే పనులు. ఆ పనులు జరిగాక సాఫ్ట్‌వేర్ ఎలా ఉండాలో అందులో ఒక్క మాట కూడా లేదు. "టెస్టింగ్ పూర్తి" అంటే ఎవరి డేటాతో, ఏ మెషీన్‌లో, ఏది కనిపిస్తే పూర్తి? ఇది రాయనప్పుడు డెవలపర్ తన ల్యాప్‌టాప్‌లో చూసి పూర్తి అంటాడు, టెస్టర్ స్టేజింగ్‌లో చూసి పూర్తి అంటాడు, క్లయింట్ తన ఆఫీసులో చూసి కాలేదంటాడు. ముగ్గురూ నిజమే చెబుతున్నారు. ముగ్గురి లెక్కలు వేరు, అంతే.

స్క్రమ్ గైడ్ 2020 వెర్షన్‌లో కూడా డెఫినిషన్ ఆఫ్ డన్‌ని చేయాల్సిన పనుల పట్టికగా చెప్పలేదు. ప్రొడక్ట్‌కు కావాల్సిన నాణ్యతను అందుకున్నప్పుడు ఇంక్రిమెంట్ ఏ స్థితిలో ఉంటుందో దాని వర్ణన అని చెప్పారు. ఆ స్థితికి రాని ఐటమ్‌ని రిలీజ్ చేయకూడదు సరే, స్ప్రింట్ రివ్యూలో చూపించకూడదు కూడా, తిరిగి బ్యాక్‌లాగ్‌లోకి వెళ్ళాలి అని కూడా అందులోనే ఉంది. మన దగ్గర ఆ రెండో సగాన్ని ఎవరూ పట్టించుకోరు. స్ప్రింట్ చివరి రోజు సాయంత్రం బోర్డు మీదున్నవన్నీ డన్‌లోకి జరిపేసి, సోమవారం నుంచి ఒక్కొక్కటే వెనక్కి తెచ్చుకోవడం చాలా టీముల్లో మామూలైపోయింది.

మాటలతో చెబితే ఇదంతా తెలిసిందేగా అనిపిస్తుంది కాబట్టి ఒక టికెట్‌ని మొదటి నుంచి చివరి దాకా చూపిస్తాను. నేను దగ్గరుండి చూసిన పని ఇది. ఒక చిట్‌ఫండ్ కంపెనీకి లోపల వాడుకునే సాఫ్ట్‌వేర్. టికెట్‌లో ఉన్నది ఒకటే వాక్యం: "బ్రాంచ్ మేనేజర్ నెలవారీ కలెక్షన్ రిపోర్ట్ డౌన్‌లోడ్ చేసుకోగలగాలి." అంచనా వేసేటప్పుడు అందరూ చిన్న పనే అన్నారు. డేటాబేస్‌లోంచి రసీదులు తీయాలి, సీఎస్‌వీ ఫైల్ చేయాలి, స్క్రీన్ మీద ఒక బటన్ పెట్టాలి. డెవలపర్ చేశాడు, రివ్యూ అయింది, టెస్టర్ బటన్ నొక్కితే ఫైల్ వచ్చింది, తెరిస్తే వరుసలు ఉన్నాయి. డన్. మీ మూడు షరతులూ దీనికి సరిపోయాయి, గమనించండి.

మొదటిసారి తెరుచుకున్నది చందాదారుల పేర్ల దగ్గర. చాలా బ్రాంచీల్లో పేర్లు తెలుగులోనే ఎంట్రీ చేస్తారు. మేనేజర్ ఫైల్ మీద డబుల్ క్లిక్ చేస్తే విండోస్‌లో ఎక్సెల్ తెరుచుకుంది, "రా" అని ఉండాల్సిన చోట à°°à°¾ లాంటి పిచ్చి గుర్తులు కనిపించాయి. ఫైల్‌లో తప్పు లేదు. తెలుగులో అక్షరమైనా, గుణింతపు గుర్తైనా ఒక్కొక్కటి యూటీఎఫ్-8లో మూడు బైట్లు. ఫైల్ మొదట్లో బామ్ అనే గుర్తు, అంటే EF BB BF అన్న మూడు బైట్లు, లేకపోతే ఎక్సెల్ దాన్ని విండోస్ పాత ఎన్‌కోడింగ్ అనుకుని ఒక్కో బైటునీ ఒక్కో అక్షరంగా చూపిస్తుంది. డెవలపర్ ఆ ఫైల్‌ని కోడ్ ఎడిటర్‌లో తెరిచి చూశాడు, అక్కడ శుభ్రంగా ఉంది. టెస్టర్ గూగుల్ షీట్స్‌లో చూశాడు, అక్కడా శుభ్రంగానే ఉంది. బామ్ చేర్చారు, మళ్ళీ డన్.

రెండోసారి నంబర్ల దగ్గర. గ్రూప్ నంబర్ 0042 అని ఉండాల్సింది 42 అయింది. 18 అంకెల రసీదు నంబర్లు 2.02E+17 లాగా కనిపించాయి. అది కనిపించడంలో తేడా మాత్రమే అయితే కాలమ్ వెడల్పు పెంచుకోమని చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఎక్సెల్ ఏ సంఖ్యలోనైనా 15 అంకెల వరకే నిలుపుకుంటుంది, ఆ తర్వాతి అంకెలు సున్నాలైపోతాయి. మేనేజర్ ఆ ఫైల్‌ని సేవ్ చేసి హెడ్డాఫీసుకు మెయిల్ చేస్తే అసలు రసీదు నంబర్ ఇక ఆ ఫైల్‌లో ఎక్కడా ఉండదు. దీనికి సీఎస్‌వీ మానేసి, ఆ కాలమ్‌లను టెక్స్ట్‌గా పెట్టి అసలైన ఎక్సెల్ ఫైలే ఇవ్వాల్సి వచ్చింది. అంటే మొదటి రీఓపెన్‌లో చేసిన బామ్ పని మొత్తం పక్కకు పోయింది. మొదటి రోజే "బ్రాంచ్‌లో ఉన్న విండోస్ మెషీన్‌లో, ఎక్సెల్‌లో డబుల్ క్లిక్‌తో తెరిచినప్పుడు" అన్న ముక్క టికెట్‌లో ఉండి ఉంటే ఈ రెండూ ఒకే పూటలో, ఒకే మార్పుతో తేలిపోయేవి. రీఓపెన్ వల్ల అసలు నష్టం ఇలాంటి చోటే ఉంటుంది. ఒకే కారణంగా వచ్చిన లోపాలు విడివిడిగా బయటపడతాయి, ఒక్కోదానికి ఒక్కో అతుకు వేస్తాం, తర్వాతి అతుకు ముందుదాన్ని పీకేస్తుంది.

మూడోసారిది వీటన్నిటికంటే ముఖ్యమైనది, ఎందుకంటే ఇది కంటికి కనిపించే లోపం కాదు. నెల మొత్తం కలెక్షన్ బ్రాంచ్ క్యాష్ బుక్‌తో కలవలేదు. చాలా బ్రాంచీల్లో కలిసింది, కొన్నిట్లో కొద్ది తేడా. కారణం టైమ్ జోన్. డేటాబేస్‌లో సమయాలన్నీ యూటీసీలో ఉన్నాయి, మన టైమ్ దానికి ఐదున్నర గంటలు ముందు. రిపోర్ట్ కోడ్ మే 1 నుంచి మే 31 అంటే యూటీసీ అర్ధరాత్రి నుంచి యూటీసీ అర్ధరాత్రి వరకు లెక్కేసింది, అంటే మన గడియారంలో మే 1 ఉదయం 5:30 నుంచి జూన్ 1 ఉదయం 5:30 వరకు. ఆ టైమ్‌లో రసీదు ఎవరు కొడతారు అని అడగొచ్చు. బ్యాంకు ఖాతాల్లోంచి నేరుగా వచ్చే వాయిదాలను పోస్ట్ చేసే బ్యాచ్ రోజూ రాత్రి రెండింటికి నడుస్తుంది. మే 1 రాత్రి 2 గంటలకు పడిన వాయిదా యూటీసీలో ఏప్రిల్ 30, 20:30. కాబట్టి అది ఏప్రిల్ రిపోర్ట్‌లోకి పోయింది, జూన్ 1 తెల్లవారుజాము వాయిదాలు మే రిపోర్ట్‌లోకి వచ్చాయి. ఏజెంట్లే తిరిగి వసూలు చేసే బ్రాంచీల్లో తేడా లేదు, బ్యాంకు వాయిదాలు ఉన్న బ్రాంచీల్లోనే ఉంది. టెస్టర్ పగలు కూర్చుని ఎంట్రీ చేసిన పది రసీదులతో ఇది ఏ జన్మకూ దొరకదు.

నాలుగోసారి ఒక పెద్ద బ్రాంచ్‌లో బటన్ నొక్కితే నిమిషం పాటు తిరిగి 504 ఎర్రర్ వచ్చింది. ముందున్న ఎన్‌జిన్‌ఎక్స్ సర్వర్‌లో proxy_read_timeout మార్చకుండా వదిలేస్తే 60 సెకన్లు. ఆలోపు వెనకాల నుంచి స్పందన మొదలు కాకపోతే తెగ్గొట్టేస్తుంది. స్టేజింగ్‌లో ఉన్నవి కొన్ని వందల వరుసలే, రెండు సెకన్లలో వచ్చేసేది.

అయిదోసారి కూడా తెరుచుకుంది, కానీ అది వేరే జాతి. మేనేజర్ "ఏజెంట్ వారీగా మొత్తాలు కూడా కింద వస్తే బాగుంటుంది" అన్నాడు. ఎవరో ఆ కామెంట్ పెట్టి అదే టికెట్‌ని రీఓపెన్ చేశారు.

ఇప్పుడు ఈ అయిదింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. జిరాలో అన్నీ ఒకేలా "రీఓపెన్డ్" అని కనిపిస్తాయి. మేనేజ్‌మెంట్ మీటింగ్‌లో "ఈ డెవలపర్ టికెట్ అయిదుసార్లు వెనక్కి వచ్చింది" అంటారు. కానీ మొదటి నాలుగూ ఎవరూ రాయని షరతులు తప్పినందుకు వచ్చినవి, అయిదోది అసలు కొత్త పని. చెప్పిన షరతును డెవలపర్ తప్పినందుకు వచ్చింది ఇందులో ఒక్కటీ లేదు. కాబట్టి మీరు మొదలుపెట్టాల్సింది కొత్త డెఫినిషన్ రాయడం దగ్గర కాదు. ఇప్పటిదాకా తెరుచుకున్న వాటిని ఇలా విడదీయడం దగ్గర మొదలుపెట్టండి.

జిరాలో అయితే ఈ క్వెరీతో గత మూడు నెలల్లో డన్ నుంచి వెనక్కి వచ్చినవన్నీ వస్తాయి. ప్రాజెక్ట్ కీ, స్టేటస్ పేరు మీవి పెట్టుకోండి:

```
project = ABC AND status CHANGED FROM "Done" AFTER -90d
```

వచ్చిన జాబితాలోంచి ఒక ఇరవై టికెట్లు తీసుకుని, ఒక్కోదాని హిస్టరీ, కామెంట్లు చదివి, ప్రతి రీఓపెన్‌కీ పక్కన ఒక అక్షరం వేయండి. షరతు రాయలేదు, రాశారు కానీ తప్పింది, కొత్తగా అడిగారు, ఈ మూడింటిలో ఏదో ఒకటి. ఒక మధ్యాహ్నం పని. ఈ లెక్క వేయకుండా మందు వేస్తే పనిచేయదు. మొదటి రకం ఎక్కువుంటే లోపం టికెట్ రాసే దగ్గర ఉంది. రెండో రకం ఎక్కువుంటే లోపం చూసే దగ్గర ఉంది, అంటే షరతు కళ్ళముందే ఉన్నా ఎవరూ దాన్ని నడిపి చూడట్లేదు. మూడో రకం ఎక్కువుంటే మీ టీమ్‌లో ఎవరూ క్లయింట్‌తో "ఇది ఇంకో టికెట్" అని చెప్పట్లేదు. మీరు చెప్పిన లక్షణాలను బట్టి మొదటిది, మూడోది కలిసి ఉంటాయని నా అంచనా, కానీ లెక్క వేశాకే నమ్మండి.

ఇక రాయడం. ఆ కలెక్షన్ రిపోర్ట్ టికెట్‌ని ఇప్పుడు రాయమంటే నేనిలా రాస్తాను:

"బ్రాంచ్ మేనేజర్ లాగిన్‌తో నెల ఎంచుకుని డౌన్‌లోడ్ నొక్కితే ఎక్సెల్ ఫైల్ రావాలి. బ్రాంచ్‌లోని విండోస్ మెషీన్‌లో డబుల్ క్లిక్ చేస్తే తెలుగు పేర్లు సరిగ్గా కనిపించాలి, గ్రూప్ నంబర్, రసీదు నంబర్ డేటాబేస్‌లో ఉన్నట్టే అంకె పోకుండా ఉండాలి. నెల అంటే భారత కాలమానం ప్రకారం ఒకటో తేదీ 00:00 నుంచి ఆఖరి తేదీ రాత్రి 12 వరకు, రాత్రి బ్యాచ్ రసీదులతో కలిపి. గత నెల మొత్తం మూడు బ్రాంచీల క్యాష్ బుక్‌తో రూపాయి తేడా లేకుండా కలవాలి, అందులో ఒకటి బ్యాంకు వాయిదాలున్న బ్రాంచ్ కావాలి. అన్నిటికంటే పెద్ద బ్రాంచ్ నెల డేటాతో 30 సెకన్లలోపు ఫైల్ రావాలి. వేరే బ్రాంచ్ రసీదులు రాకూడదు. ఏజెంట్ వారీ మొత్తాలు ఈ టికెట్‌లో లేవు."

ఇందులో ప్రతి వాక్యాన్నీ పని చేసినవాడు కాకుండా ఇంకొకరు కూర్చుని అవును లేదా కాదు అని చెప్పగలరు. నేను షరతుకు పెట్టే పరీక్ష ఇదొక్కటే. "వేగంగా రావాలి" అంటే ఎవరూ కాదనలేరు, ఎవరూ అవుననలేరు. "పెద్ద బ్రాంచ్ డేటాతో 30 సెకన్లు" అంటే గడియారం చెబుతుంది. "రిపోర్ట్ కరెక్ట్‌గా ఉండాలి" అంటే దేనితో పోల్చి కరెక్ట్? క్యాష్ బుక్‌తో అని రాయగానే టెస్టర్ క్యాష్ బుక్ తెప్పించుకోవాల్సి వస్తుంది, తెప్పించుకోగానే టైమ్ జోన్ తేడా టికెట్ క్లోజ్ కాకముందే బయటపడుతుంది. షరతు అంత స్పష్టంగా ఉంటే టైమ్ జోన్ అన్న ఆలోచన ముందే ఎవరికీ రాకపోయినా ఫర్వాలేదు. రాసే రోజున అన్ని లోపాలనూ ఊహించడం ఎవరి వల్లా కాదు. నిజమైన డేటాతో, నిజమైన చోట, బయటి కొలతతో పోల్చమని రాస్తే ఊహించనివి కూడా దొరుకుతాయి.

చివరి వాక్యాన్ని చాలామంది రాయరు, ఏది ఈ టికెట్‌లో లేదో చెప్పేది. సాధారణంగా అంచనా మీటింగ్‌లోనే ఎవరో ఒకరు "ఏజెంట్ వారీ కూడా అడుగుతారేమో" అంటారు, అందరూ తలూపుతారు, ఎవరూ రాయరు. తర్వాత అడిగినప్పుడు ఒకరు ఇది మాట్లాడుకున్నదే అంటారు, ఇంకొకరు కాదంటారు.

ఇప్పుడు ఇందులో ఏది డెఫినిషన్ ఆఫ్ డన్‌లోకి వెళ్తుంది, ఏది ఈ టికెట్ యాక్సెప్టెన్స్ క్రైటీరియాలో ఉంటుంది? ఈ రెంటినీ కలిపేసే టీములు చాలా ఉన్నాయి, మీ వాళ్ళు రాసిన మూడు ముక్కలు ఏదీ కాకుండా మధ్యలో ఉండిపోవడానికి ఇదీ ఒక కారణం. క్యాష్ బుక్‌తో కలవడం ఈ రిపోర్ట్‌కే సంబంధించినది, టికెట్‌లోనే ఉండాలి. కానీ తెలుగు పేర్లు, భారత కాలమానం, పెద్ద బ్రాంచ్ డేటా, వేరే బ్రాంచ్ డేటా కనిపించకపోవడం, ఇవి ఈ ప్రొడక్ట్‌లో ప్రతి స్క్రీన్‌కీ ప్రతి రిపోర్ట్‌కీ వర్తిస్తాయి. ఒక్కో టికెట్‌లో మళ్ళీ మళ్ళీ రాయక్కర్లేకుండా ఇవి డెఫినిషన్ ఆఫ్ డన్‌లోకి వెళ్ళాలి. అంటే డెఫినిషన్ ఆఫ్ డన్ ఇంటర్నెట్‌లోంచి దించుకునేది కాదు, మీ రీఓపెన్ల జాబితాలోంచి పుట్టాలి. రెండు వేర్వేరు టికెట్లలో ఒకే రకం షరతు తప్పిందంటే అది అందులో ఒక వరుస అవుతుంది. అలాగే ఏడాదిగా ఎవరినీ ఆపని వరుస ఉంటే, లేదా ఇప్పుడు బిల్డ్ పైప్‌లైన్ తనంతట తానే పట్టుకుంటున్న వరుస ఉంటే తీసేయండి. ఏడెనిమిది వరుసలు దాటితే జనం చదవకుండా టిక్కులు కొట్టేస్తారు. టిక్కులన్నీ ఉన్న టికెట్ రీఓపెన్ అవుతోందంటే జాబితా పొడుగైపోయిందని అర్థం, ఇంకా పొడిగించడం దానికి మందు కాదు.

ఎవరు క్లోజ్ చేస్తారు అన్నది కూడా తేల్చుకోండి. చేసినవాడే డన్‌లోకి జరపకూడదు. డెవలపర్ "టెస్టింగ్‌కి సిద్ధం" వరకే జరుపుతాడు, అప్పుడు కామెంట్‌లో ప్రతి షరతునూ ఎలా చూశాడో ఒక్కో లైన్ రాస్తాడు. "ఫలానా బ్రాంచ్ మే నెల, మొత్తం క్యాష్ బుక్‌తో కలిసింది, స్క్రీన్‌షాట్ జత చేశాను" అన్నట్టు. "చెక్ చేశాను, పనిచేస్తోంది" అని మాత్రమే ఉంటే టెస్టర్ తీసుకోకుండా వెనక్కి పంపాలి, అది రీఓపెన్ కింద లెక్కకు రాదు కూడా. టెస్టర్ షరతులు చూసి సరే అన్నాక, అడిగినవాళ్ళ తరఫున ప్రొడక్ట్ ఓనర్ డన్ చేస్తారు. చిన్న టీమ్‌లో ప్రొడక్ట్ ఓనర్ దొరకరు అంటారా, అప్పుడు పని చేయని ఇంకో డెవలపర్ అయినా సరే, షరతులు ముందే రాసి ఉంటే ఎవరైనా చూడగలరు.

రీఓపెన్ చేసేవాళ్ళకు కూడా ఒక నియమం కావాలి, ఎంతసేపూ డెవలపర్‌నే బిగిస్తే టీమ్‌లో చేదు పెరుగుతుంది. మేం పెట్టుకున్నది ఇది: రాసి ఉన్న షరతుల్లో ఏది తప్పిందో, ఏ డేటాతో, ఎక్కడ తప్పిందో చెప్పగలిగితేనే రీఓపెన్. చెప్పలేకపోతే కొత్త టికెట్ తెరిచి పాతదానికి లింక్ పెట్టాలి. "సరిగ్గా రావట్లేదు" అన్న కామెంట్‌తో రీఓపెన్ చేయడం ఆపేయండి. మొదట్లో టెస్టర్లు ఇది డెవలపర్లను కాపాడ్డానికే అనుకున్నారు. తర్వాత షరతు రాయలేదు కాబట్టి కొత్త టికెట్ పెట్టాల్సి వచ్చిన ప్రతిసారీ, అంచనా మీటింగ్‌లో ఈ ప్రశ్న నేనెందుకు అడగలేదు అని వాళ్ళే ముందు అడగడం మొదలుపెట్టారు. టెస్టర్ ఆ మీటింగ్‌లో ఉండాలి. కోడ్ చేతికి వచ్చాక మొదటిసారి టికెట్ చదివే టెస్టర్ ఉన్నచోట రీఓపెన్లు తగ్గవు.

ప్రొడక్షన్‌కి వెళ్ళిపోయిన టికెట్‌ని మాత్రం, షరతు తప్పినా సరే, రీఓపెన్ చేయకండి. కొత్త బగ్ తెరిచి లింక్ చేయండి. పాతది ఏ రిలీజ్‌లో వెళ్ళిందో దాని ఫిక్స్ వెర్షన్‌లో ఉంటుంది, దాన్ని మళ్ళీ తెరిచి వెర్షన్ మారిస్తే ఆ రిలీజ్‌లో ఏం వెళ్ళిందో ఆర్నెల్ల తర్వాత ఎవరూ చెప్పలేరు. జిరాలోనే ఇంకో చిక్కు ఉంది. స్టేటస్ వేరు, రిజల్యూషన్ అనే ఫీల్డ్ వేరు. రీఓపెన్ చేసినప్పుడు రిజల్యూషన్ ఖాళీ అయ్యేలా వర్క్‌ఫ్లోలో పెట్టకపోతే టికెట్ స్టేటస్ మారుతుంది కానీ రిజల్యూషన్ అలాగే ఉండిపోతుంది, అప్పుడు పెండింగ్ పనుల ఫిల్టర్లలో అది కనిపించదు, దాని నంబర్ మీద కొట్టివేత గీత కూడా పోదు. తెరిచిన టికెట్‌ని మూడు వారాలు ఎవరూ ముట్టలేదు అంటే ఒకసారి ఇది చూడండి. పై క్వెరీలో వచ్చిన వాటిలో ఇలాంటివి మీకూ దొరకొచ్చు.

క్లయింట్ సంగతికి వద్దాం. సర్వీస్ కంపెనీల్లో ఉన్నవాళ్ళకు ఇది వేరే తలనొప్పి, ఎందుకంటే అక్కడ రీఓపెనా కొత్త పనా అన్నది డబ్బు ప్రశ్న. రీఓపెన్ అయితే మీ ఖర్చు, చేంజ్ రిక్వెస్ట్ అయితే వాళ్ళ ఖర్చు. యూఏటీలో క్లయింట్ అన్నిటినీ బగ్ అంటాడు, మీ మేనేజర్ అన్నిటినీ సీఆర్ అంటాడు, మధ్యలో మీరు. ఆ కలెక్షన్ రిపోర్ట్‌లో టైమ్ జోన్ విషయాన్నే తీసుకోండి. షరతుల్లో లేదు కదా, సీఆర్ ఇవ్వమనండి అని మా వైపు నుంచి ఒక వాదన వచ్చింది. అది అన్యాయం అని నేను గట్టిగా అన్నాను, ఇప్పటికీ అంటాను. ఇండియాలో ఉన్న కంపెనీకి నెల అంటే ఇండియా నెలే, అది వాళ్ళు చెప్పక్కర్లేదు. మామూలు బుద్ధితో ఎవరైనా ఆశించేదాన్ని రాయలేదని డబ్బు అడిగితే క్లయింట్ మరుసటిసారి నుంచి నలభై పేజీల షరతులు రాసుకొస్తాడు, అప్పుడు అందరికీ నరకమే. ఏజెంట్ వారీ మొత్తాలు మాత్రం నిజంగా సీఆర్. ఈ గీత ఎక్కడ గీయాలో యూఏటీ రోజున తేల్చుకోవడం కుదరదు, అప్పటికి ఇరువైపులా టెన్షన్‌లో ఉంటారు. పని మొదలుకాకముందే షరతుల వాక్యాలు క్లయింట్‌కి మెయిల్ చేసి, "ఇవి సరిపోతే మొదలుపెడతాం" అని జవాబు తీసుకోండి. ఎక్కువమంది క్లయింట్లు అప్పుడే "అది కూడా కలపండి" అంటారు. అప్పుడు కలపడం చవక.

ఈ పద్ధతి పనికిరాని చోట్లు కూడా ఉన్నాయి, అక్కడ బలవంతంగా రుద్దకండి. ఒక ఎస్సెమ్మెస్ గేట్‌వే మనకు సరిపోతుందో లేదో కనుక్కోవడం లాంటి పరిశోధన టికెట్లలో ఫలితం ఎలా ఉండాలో ముందే రాయలేరు. అక్కడ ప్రశ్నను రాయండి, ఎంత సమయమో రాయండి, ఆ సమయం అయ్యాక దొరికిన జవాబును టికెట్‌లో రాస్తే డన్, జవాబు "తేలలేదు" అయినా సరే. స్క్రీన్ డిజైన్ విషయంలో వాడేవాళ్ళు చూశాకే ఏం కావాలో తెలుస్తుంది. అలాంటివి మొదటి నుంచే రెండు టికెట్లుగా పెట్టుకోండి, ఒకటి చూపించడానికి, ఇంకోటి చూశాక వచ్చిన మార్పులకు. వేరే పని చేస్తుంటే పాతది విరిగిపోవడం కూడా షరతులతో తీరేది కాదు, దానికి ఆటోమేటెడ్ టెస్టులు కావాలి.

ఇంకొకటి, రీఓపెన్ల సంఖ్యను ఎవరి అప్రైజల్‌కీ కట్టకండి. కట్టిన మరుసటి నెల నుంచి ఆ సంఖ్య తగ్గిపోతుంది, ఎందుకంటే టెస్టర్, డెవలపర్ చాట్‌లో మాట్లాడుకుని స్టేటస్ మార్చకుండానే సర్దేసుకుంటారు. అప్పుడు మీ దగ్గర ఉన్న ఒకే ఒక్క ఆధారం పోతుంది.

ఇప్పుడు బోర్డు మీద తెరుచుకుని ఉన్నవాటిని ఏం చేయాలంటారా? ఒక్కో టికెట్ దగ్గర డెవలపర్, టెస్టర్, అడిగినవాళ్ళ తరఫున ఒకరు, ముగ్గురూ పావుగంట కూర్చోండి. ఇంకా ఏం కనిపిస్తే దీన్ని మూసేస్తాం అని అడిగి, వచ్చిన జవాబును వాక్యాలుగా టికెట్ పైన డిస్క్రిప్షన్‌లోనే రాయండి, కామెంట్లలో కాదు, ఎందుకంటే నలభై కామెంట్ల కింద ఉన్న షరతును ఎవరూ చదవరు. మొదట్లో అడగనివి ఉంటే విడదీసి కొత్త టికెట్లు పెట్టండి. కొన్నిట్లో ఆ పావుగంటలోనే ముగ్గురికీ మూడు జవాబులు ఉన్నాయని తేలుతుంది. అలాంటి టికెట్‌కి ఆ రోజు కోడ్ పని ఆపేసి, ముందు ఆ జవాబు తేల్చుకోండి. ఇరవై టికెట్ల లెక్క వేశాక ఏ రకం ఎక్కువ వచ్చిందో ఇక్కడే రాయండి, మీ టికెట్ ఒకటి పేర్లు తీసేసి పెడితే షరతులు ఎలా రాయొచ్చో దాని మీదే చూద్దాం.